పెళ్లి షూట్‌కి ముందు రోజు రాసుకోవాల్సిన చెక్‌లిస్ట్

జీలకర్ర-బెల్లం పెట్టే సమయానికి బ్యాటరీ అయిపోతే ఆ షాట్ మళ్లీ తీయలేం. అందుకే ముందు రోజే ఒక కాగితం మీద చెక్‌లిస్ట్ రాసుకోండి.

ముందు షాట్లు. పురోహితుడికి ఫోన్ చేసి ముహూర్తం, తంతుల వరుస అడగండి; ఒక్కో ఇంటి పద్ధతి ఒక్కోలా ఉంటుంది. ప్రతి తంతు పక్కన ఎవరి ముఖం కావాలో, ఏ కెమెరా తీయాలో రాయండి. కన్యాదానంలో అమ్మాయి తల్లి ముఖం, మాంగల్యధారణలో ముడి వేసే చేతులు: ఇద్దరు కెమెరామెన్లు ఉన్నా, అవతలివాడు తీస్తున్నాడులే అనుకుని వదిలేసేవి ఇలాంటివే.

తర్వాత కార్డుల లెక్క. 4కె వీడియో 100 ఎంబీపీఎస్‌లో తీస్తే గంటకు దాదాపు 45 జీబీ అవుతుంది. మూడు గంటలకు 135 జీబీ, అంటే 128 జీబీ కార్డు ఒక్కటి చాలదు. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో ఇంట్లోనే ఒకసారి ఆగకుండా రికార్డ్ చేసి చూసుకోండి. గంట వస్తే మూడు గంటల షూట్‌కి నాలుగు తీసుకెళ్లండి. మైక్ బ్యాటరీని కూడా లిస్టులో రాయండి, దాన్నే ఎక్కువగా మర్చిపోతారు.

ఛార్జింగ్‌కి పెట్టగానే టిక్ కొట్టొద్దు. కెమెరాలో వేసి 100 శాతం చూశాకే కొట్టండి. నిండిన బ్యాటరీకి రబ్బరు బ్యాండ్ వేసి, వాడేటప్పుడు తీసేస్తే మండపంలో తికమక ఉండదు.

ఒక జాగ్రత్త: పోయిన పెళ్లి లిస్టునే మళ్లీ వాడితే ఇది పనిచేయదు. షాట్ల భాగం ప్రతిసారీ కొత్తగా రాయాల్సిందే.