కాఫీ మరకల పాఠాలు – 2: ఎక్కడ పులుపు, ఎక్కడ సోడా

మొదటి పాఠంలో అప్పుడే ఒలికిన కాఫీ సంగతి చూశాము. రుద్దకుండా పొడి గుడ్డతో అద్ది తీయాలనీ, అంచు నుంచి మధ్యకు రావాలనీ, ఆ తరువాత బట్టను తిరగేసి వెనుక వైపు నుంచి చన్నీళ్లు ధారగా పోయాలనీ చెప్పుకున్నాము. ఈ పాఠం ఎండిపోయిన మరకల గురించి. వంటింట్లో వాటిని వదలగొట్టే వస్తువులు రెండు జాతులుగా ఉంటాయి. నిమ్మరసం, వెనిగర్, నిమ్మ ఉప్పు ఒక జాతి; ఇవి పులుపు. వంట సోడా, చాకలి సోడా, బట్టల సబ్బు బిళ్ల రెండవ జాతి, ఇవి క్షారాలు. మరక కాఫీదే అయినా అది ఏ వస్తువు మీద పడిందో చూసుకొని ఈ రెండింటిలో ఒకదానిని ఎంచుకోవాలి. ఎంపిక తప్పితే మరక ముదురుతుంది, లేదా మరక పోయినా దాని కింద ఉన్న వస్తువు పాడవుతుంది.

పాఠంలోకి వెళ్లే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. రెండు గాజు గ్లాసులలో సగం వరకు నీళ్లు పోసి, ఒక్కొక్క దానిలో రెండు చెంచాల పలుచని డికాక్షన్ కలపండి. ఒక గ్లాసులో నాలుగు చుక్కల నిమ్మరసం, రెండవ దానిలో పావు చెంచా వంట సోడా వేసి, వెనుక తెల్ల కాగితం పెట్టి అరగంట తరువాత పోల్చి చూడండి. సోడా వేసిన గ్లాసులో రంగు ముదురుగా కనిపిస్తుంది. కాఫీ గింజలోని టానిన్ల వంటి పదార్థాలు క్షారం తగిలినప్పుడు గాలిలోని ఆమ్లజనితో కలిసి ఇంకా నల్లబడతాయి. నూలు పోగు ఆ రంగును పీల్చుకుంటుంది కాబట్టి బట్టకు మొదట పులుపే వాడాలి. పింగాణి, స్టీలు రంగును పీల్చుకోవు. వాటి మీద కాఫీ పైపొరగా మాత్రమే పేరుకుంటుంది. ఆ పొరను సోడా వదులు చేస్తే నీళ్లు పట్టుకుపోతాయి, రంగు కాస్త ముదిరినా నష్టమేమీ ఉండదు.

ఇప్పుడు బట్ట విషయంలో ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి వరకు చూద్దాము. గత వేసవిలో మా ఇంట్లో ఒక తెల్ల నూలు చొక్కా జేబు కింద, అరచేయంత వెడల్పున ఫిల్టర్ కాఫీ ఒలికింది. రెండు రోజుల వరకు ఎవరూ గమనించలేదు. ఇస్త్రీ మాత్రం చేయలేదు, అది మా అదృష్టం. మరక మధ్యలో లేతగా ఉండి, చుట్టూ గీత గీసినట్టు అంచు నల్లగా ఉంది. కాఫీ చుక్క ఆరేటప్పుడు అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటును పూడ్చడానికి మధ్యలోని నీరు అంచు వైపు ప్రవహిస్తూ, తనలోని రేణువులను కూడా అక్కడికి చేర్చుతుంది. షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1997లో నేచర్ పత్రికలో ఈ కారణాన్ని వివరించారు. మనకు దీనివల్ల తెలిసే సంగతి ఏమిటంటే, శ్రమ పెట్టవలసినది మధ్యలో కాదు, అంచు మీద.

పాలు కలిపిన కాఫీలో రంగుతో పాటు పాలలోని కొవ్వు, మాంసకృత్తులు, చక్కెర కూడా ఉంటాయి. వేడి నీళ్లు పోస్తే మాంసకృత్తులు పోగులకు గట్టిగా అంటుకుపోతాయి. అందుచేత చొక్కాను ముందుగా చన్నీళ్లలో పదిహేను నిమిషాలు నానబెట్టాము. చక్కెర, కొంత రంగు ఆ నీళ్లలోనే దిగిపోయాయి. తరువాత గిన్నెలు తోమే ద్రవాన్ని అర చెంచా తీసుకుని, అంచు వెంబడి వేలితో మెల్లగా అద్ది, పది నిమిషాలు ఆగి కడిగాము. ఇది కొవ్వు కోసం చేసిన పని. కొవ్వు పోనిదే పులుపు నీళ్లు పోగు లోపలికి సరిగా చేరవు. చాలామంది ఈ మెట్టును వదిలేసి నేరుగా నిమ్మకాయతో రుద్ది, మరక పోలేదని విసిగిపోతారు.

ఆ తరువాత ఒక లీటరు చన్నీళ్లలో ఒక పెద్ద చెంచా తెల్ల వెనిగర్, అర చెంచా గిన్నెల ద్రవం కలిపి, మరక ఉన్న భాగం పూర్తిగా మునిగేలా అరగంట ఉంచాము. వెనిగర్ లేకపోతే వడకట్టిన నిమ్మరసం రెండు పెద్ద చెంచాలు సరిపోతుంది. నీళ్లు లేత గోధుమ రంగుకు తిరిగితే పని జరుగుతున్నట్టు. అరగంట తరువాత కూడా నీళ్లు తెల్లగానే ఉంటే, కొవ్వు ఇంకా ఉందని భావించి ముందు మెట్టుకు తిరిగి వెళ్లాలి. మా చొక్కాకు ఈ నానబెట్టడం రెండుసార్లు అవసరమైంది. రెండవసారి తరువాత అంచు గీత పోయి, వెలుతురులో మాత్రమే కనిపించే లేత పసుపు ఛాయ మిగిలింది.

ఆ పసుపును తీయడానికి మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడాము. సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్లు కలిపి 3 శాతానికి తగ్గించాలి. వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా చొక్కాను మంచి నీళ్లలో జాడించి, ఆ తరువాతే దూదితో పెరాక్సైడ్ అద్ది, పది నిమిషాలకు మళ్లీ కడిగి, మామూలు బట్టల పొడితో ఉతికాము. ఇది తెల్ల నూలుకు మాత్రమే. రంగు బట్ట అయితే పెరాక్సైడ్ జోలికి పోవద్దు. వెనిగర్ నీళ్లను కూడా లోపలి అంచు మడత మీద ఒక చుక్క వేసి, రంగు దిగడం లేదని నిర్ధారించుకున్న తరువాతే వాడండి. తడిగా ఉన్నప్పుడు మాయమైనట్టు కనిపించిన మరక ఆరాక మళ్లీ తేలుతుంది. అందువల్ల పూర్తిగా ఆరనిచ్చి, పగటి వెలుతురులో చూసి, జాడ లేదని తెలిసిన తరువాతే ఇస్త్రీ పెట్టాలి. ఇస్త్రీ వేడికి స్థిరపడిన మరక ఈ మెట్లలో దేనికీ పూర్తిగా లొంగదు.

కొన్నేళ్ల క్రితం నేను ఇదే మరకను ఒక పంచె మీద చూసి, తొందరలో బట్టల సబ్బు బిళ్లతో గట్టిగా రుద్దాను. మరక లేత గోధుమ నుంచి ముదురు గోధుమకు మారింది. ఎన్ని ఉతుకులు పడినా ఆ చోటు నేటికీ తెలుస్తూనే ఉంది. సబ్బు బిళ్ల చివరి ఉతుకులో వాడవలసినదే కానీ మొదటి అడుగులో కాదని ఆ పంచె వల్ల నేర్చుకున్నాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. తెల్ల బట్ట కదా అని బ్లీచింగ్ ద్రవాన్ని వెనిగర్‌తో గానీ నిమ్మరసంతో గానీ ఎప్పుడూ కలపకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. పాత నీళ్లు పారబోయకుండా అదే బకెట్లో రెండవది పోయడం కూడా కలపడమే అవుతుంది.

ఇక ఫ్లాస్కుకు వద్దాము. స్టీలు ఫ్లాస్కు లోపల కనిపించే గోధుమ పొరకు సోడాయే సరైన మందు. అర లీటరు ఫ్లాస్కులో ఒక పెద్ద చెంచా వంట సోడా వేసి, అంచు దాకా వేడి నీళ్లు పోసి, మూత పెట్టకుండా రాత్రంతా ఉంచండి. తెల్లవారి ఆ నీళ్లు టీ రంగులో బయటికి వస్తాయి. సీసాలు కడిగే పొడవాటి బ్రష్‌తో ఒకసారి తోమి కడిగితే చాలు. అప్పటికీ పొర కదలకపోతే, లోపల వేలితో తాకి చూడండి. గరుకుగా తగిలితే అది కాఫీ మాత్రమే కాదు. బోరు నీళ్ల సున్నం స్టీలుకు పట్టి, కాఫీ రంగు ఆ సున్నంలో ఇరుక్కుని ఉంటుంది. సున్నాన్ని సోడా ఏమీ చేయలేదు. అప్పుడు మాత్రం ఒక చెంచా నిమ్మ ఉప్పు, గోరువెచ్చని నీళ్లు పోసి గంటసేపు ఉంచి, బాగా కడిగిన తరువాత సోడా పద్ధతిని మళ్లీ చేయాలి.

సోడా, వెనిగర్ రెండూ ఒకేసారి వేసి నురుగు పొంగిస్తే బాగా శుభ్రపడుతుందని చాలామంది నమ్ముతారు. పులుపు, క్షారం ఒకదానినొకటి చంపుకుంటాయి. నురుగు తగ్గాక మిగిలేది దాదాపు పనికిరాని ఉప్పు నీరు. పైగా మూత బిగిస్తే లోపల వాయువు పేరుకుని మూత ఎగిరి ముఖానికి తగలవచ్చు. ఒకదాని తరువాత ఒకటి, మధ్యలో కడుగుతూ వాడండి. వాసన పోవడం లేదంటే మూతలోని రబ్బరు రింగును ఊడదీసి సోడా నీళ్లలో విడిగా నానబెట్టండి; చాలాసార్లు వాసన దాక్కునేది అక్కడే. స్టీలుకు బ్లీచింగ్ తగిలితే సన్నని గుంటలు పడతాయి. గాజు గొట్టం ఉన్న ఫ్లాస్కులో మరిగే నీళ్లు ఒక్కసారిగా పోస్తే అది పగులుతుంది, కనుక ముందు గోరువెచ్చని నీళ్లతో అలవాటు చేయాలి.

పింగాణి కప్పులకు ఇంత శ్రమ అవసరం లేదు. తడి వేళ్లతో వంట సోడా తీసుకుని రుద్దితే పొర ఊడిపోతుంది. మెరుగు మీద సన్నని వెంట్రుక పగుళ్లు ఉన్న పాత కప్పులో మాత్రం రంగు పగుళ్లలోకి దిగి ఉంటుంది. దానిని రుద్ది లాభం లేదు. 3 శాతం పెరాక్సైడ్ నింపి రాత్రంతా ఉంచితే కొంత లేతబడుతుంది.

వంటగట్టు విషయంలో ఎంపిక మరింత జాగ్రత్తగా చేయాలి. చీమకుర్తి గ్రానైటు వంటి గట్టి రాయికి గిన్నెల ద్రవం, తడి గుడ్డ సరిపోతాయి. అయితే మన ఇళ్లలో చాలా గట్లు కడప బండ, తాండూరు బండ, బేతంచర్ల బండలతో వేసినవి. ఇవన్నీ సున్నపురాళ్లే, పాలరాయి కూడా ఆ కుటుంబంలోనిదే. నిమ్మకాయ చెక్కతో రుద్దితే మరకతో పాటు రాతి పైపొర కూడా కరిగి, ఆ చోటు తెల్లగా, కాంతిహీనంగా మారుతుంది. కాఫీ మరక పోయి దాని స్థానంలో నిమ్మ మరక మిగులుతుంది. దానిని మళ్లీ పాలిష్ పట్టించడం తప్ప ఇంట్లో సరిచేసే మార్గం లేదు. మీ గట్టు ఏ రాయో తెలియకపోతే, స్టవ్ వెనుక ఎవరికీ కనిపించని మూలలో ఒక చుక్క నిమ్మరసం వేసి ఐదు నిమిషాల తరువాత తుడవండి. బుడగలు వచ్చినా, మెరుపు తగ్గినా అది సున్నపురాయి.

అలాంటి రాయి మీద పాత కాఫీ వలయం ఉంటే వంట సోడాను నీళ్లతో పెరుగంత చిక్కగా కలిపి, మరక మీద అర అంగుళం మందాన పట్టించండి. దానిపై పల్చని ప్లాస్టిక్ కాగితం కప్పి, సూదితో రెండు మూడు చోట్ల పొడిచి, ఒక రోజు వదిలేయండి. ఆ ముద్ద నెమ్మదిగా ఆరుతూ రాతి రంధ్రాలలోని రంగును తనలోకి లాగుతుంది. లేత రంగు పాలరాయికైతే నీళ్ల బదులు 3 శాతం పెరాక్సైడ్‌తో కలపవచ్చు. నల్లటి కడప బండకు అది వద్దు, రాయి రంగే వెలవెలబోయే ప్రమాదం ఉంది. ఎండిన ముద్దను లోహపు గరిటెతో కాకుండా పాత ప్లాస్టిక్ కార్డుతో గీకి తీసి, తడి గుడ్డతో తుడవండి. మరక సగమే తగ్గితే రెండవ రోజు మళ్లీ పట్టించండి. మూడుసార్లకీ తగ్గకపోతే రంగు రాతి లోతుకు దిగిందని అర్థం.

ఈ వారం అభ్యాసంగా ఒక పాత తెల్ల నూలు గుడ్డ మీద రెండు చోట్ల పాలు కలిపిన కాఫీ చుక్కలు వేసి, రెండు రోజులు ఆరనివ్వండి. ఒకదానిని పై మెట్ల ప్రకారం, రెండవదానిని సబ్బు బిళ్లతో శుభ్రం చేసి రెండింటినీ ఆరాక పక్కపక్కన పెట్టి చూడండి. ఆ గుడ్డను దాచి ఉంచండి, మూడవ పాఠంలో పట్టు, ఉన్ని బట్టలను తీసుకున్నప్పుడు దానితో మళ్లీ పని ఉంటుంది. అప్పటిదాకా జరీ చీర మీద వెనిగర్ గానీ సోడా గానీ వేయకండి.