జింప్‌లో పటాలకు తెలుగు పేర్లు, 4వ పాఠం: పేరు పోవాలి, గీత ఉండాలి

గత పాఠంలోని గుండె పటం మీద ఇంగ్లీషు పేర్లను అందరూ శుభ్రంగానే చెరిపారు. అయితే చాలా పటాల్లో పేరుతోపాటు సూచిక గీత కొస కూడా పోయింది. కొన్నింటిలో పుపుస ధమని పక్కనున్న బాణానికి మొన సగమే మిగిలింది. ఈ పటంలో సూచిక గీత భాగాన్ని చూపుతుంది, బాణం రక్తం పోయే దిశను చూపుతుంది కనుక, మొన లేని బాణాన్ని విద్యార్థి మరో సూచిక గీతగా పొరబడతాడు. కాబట్టి కొత్త విషయానికి వెళ్లక ముందు దీన్ని సరిచేద్దాం.

కారణం ఎరేజర్. దాని బ్రష్ అంచు మెత్తగా ఉంటే, అక్షరం దగ్గర ఆపామనుకున్నా గీత చివరి భాగం పలచబడుతుంది. 400 శాతానికి పెంచి చూస్తే నల్లని గీత బూడిద రంగులోకి జారుతూ ముగియడం కనిపిస్తుంది. నేనైతే ఈ పనికి ఎరేజర్‌ను ముట్టుకోను. దీర్ఘచతురస్రపు ఎంపికతో పేరును మాత్రమే చుట్టి, గీత కొసకు మూడు నాలుగు పిక్సెళ్ల ఇవతలే ఆగి, పక్కనున్న కాగితం రంగును కలర్ పికర్‌తో తీసుకుని నింపుతాను. స్కాన్ చేసిన పుట అరుదుగా స్వచ్ఛమైన తెలుపుగా ఉంటుంది కనుక, నేరుగా తెలుపు నింపితే అతుకు బయటపడుతుంది. అక్షరం గీతను తాకుతున్న చోట ఫ్రీ సెలెక్ట్‌తో అక్షరం అంచు వెంబడి చుట్టాలి.

ఇప్పటికే గీత తెగితే అతికించవద్దు, మొత్తం తిరిగి గీయండి: పెయింట్‌బ్రష్‌తో ఒక కొసన నొక్కి, షిఫ్ట్ పట్టుకుని రెండో కొసన నొక్కితే తిన్నని గీత వస్తుంది. మొన పోతే అదే పటంలోని చెక్కుచెదరని మరో మొనను నకలు చేయండి. 90 డిగ్రీల చొప్పున తిప్పితే దాని అంచులు చెడవు, ఇతర కోణాల్లో కాస్త మసకబారతాయి.

ఇక అసలు చిక్కు, నాకు విసుగు తెప్పించేది, తెలుగు పేరును నిలిపే చోటు. పటానికి ఎడమ వైపున ఉన్న పేరును కుడికి సర్ది రాయకపోతే, అది పెరిగే కొద్దీ గీత మీదికి పాకుతుంది. పైగా ‘బృహద్ధమని’ అని రాస్తే ఋత్వం, ఒత్తు కిందికి దిగడం వల్ల పేరు మొత్తం ఎత్తుకు మధ్య భాగం అక్షరాల మధ్య భాగం కంటే కిందికి జారుతుంది. ఆ మధ్యకు గీతను సరిపెడితే గీత అక్షరాల అడుగును తాకుతున్నట్టు కనిపిస్తుంది. కాబట్టి ‘మ’, ‘ని’ల వంటి ఒత్తులేని అక్షరాలను చూసి, వాటి నడుముకు ఎదురుగా గీత కొస వచ్చేలా పేరును కిందికి జరపండి. ‘కుడి కర్ణిక’లో కూడా ఇదే చేయాలి.

అభ్యాసం: అదే పటంలో ‘బృహద్ధమని’, ‘ఎడమ జఠరిక’, ‘పుపుస ధమని’ పేర్లను ముందు ఎడమ వైపున, తరువాత మరో ప్రతిలో కుడి వైపున పెట్టండి, రెండింటిలోనూ ప్రతి బాణం మొననూ 400 శాతంలో చూసిన తరువాతే పీఎన్‌జీగా ఎగుమతి చేయండి.