కోచింగ్ ఫీజు కట్టేముందు ఇవి చూసుకోండి

ఇంటర్ ఫలితాలు దగ్గరపడ్డాయి. విజయనగరంలో మళ్లీ "ర్యాంకు గ్యారంటీ", "ఉద్యోగం రాకపోతే డబ్బు వాపస్" అనే ఫ్లెక్సీలు లేచాయి.

• వాయిదాలు ఎవరికి కడుతున్నారో ముందు అడగండి. చాలాసార్లు అది ఫీజు వాయిదా కాదు, ఫైనాన్స్ కంపెనీ మీ పేరున ఇచ్చే అప్పు. మా పిన్ని కొడుకు 60,000 రూపాయల ఆన్‌లైన్ కోర్సులో చేరి రెండో నెలలోనే మానేశాడు. క్లాసులు ఆగాయి గానీ, నెలకు 5,000 ఖాతాలోంచి పోతూనే ఉంది. కట్టకపోతే సిబిల్ స్కోరు దెబ్బతింటుందని వాళ్ల నాన్నకు ఒకటే టెన్షన్. ఓటీపీ చెప్పకముందే అప్పు పత్రం తెరిచి, అప్పిచ్చేది ఎవరు, ఎన్ని రోజుల్లోగా రద్దు చేసుకోవచ్చు అన్నవి చదవండి.

• గ్యారంటీ షరతులు కాగితం మీద అడగండి. 90 శాతం హాజరు, ప్రతి మాక్ ఇంటర్వ్యూ అని ఉంటే, ఒక్కటి తప్పినా వాపస్ ఉండదు.

• ఫ్లెక్సీలో ఉన్న ర్యాంకరు అక్కడ ఏ కోర్సు చదివాడు? ఒక్క టెస్ట్ సిరీస్ రాసినవాళ్ల ఫోటోలు కూడా వేస్తారు. కోర్సు వివరాలు దాచకూడదని, సెలక్షన్ గ్యారంటీ అని ప్రకటించకూడదని 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది.

• మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు 10 రోజుల్లో తిరిగివ్వాలని 2024 జనవరి కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. అయినా ఆ మాట రసీదు మీదే రాయించుకోండి. "ఫీజు తిరిగి ఇవ్వబడదు" అని అచ్చేసి ఉంటే అక్కడే అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, ఫ్లెక్సీ ఫోటో దగ్గర ఉంచుకోండి.