చూపు తగ్గినవారికి వాట్సాప్, ఫేస్‌బుక్ ఎలా సెట్ చేయాలి?

ఇంట్లో పెద్దవాళ్లు అక్షరాలు కనపడటం లేదని చెప్పగానే చాలామంది వాట్సాప్ తెరిచి, Chats లో Font size కి వెళ్లి Large పెట్టేసి ఫోన్ తిరిగి ఇచ్చేస్తారు. చాట్ లోపల మెసేజ్ పెద్దదవుతుంది. కానీ ఆ చాట్‌లోకి వెళ్లాలంటే ముందు బయట జాబితాలో పేరు కనపడాలి కదా! అది చిన్నగానే ఉండిపోతుంది. ఫేస్‌బుక్, మెసేజ్‌లు, కాల్ చేసేవాళ్ల పేర్లు కూడా అంతే. అందుకే వరుస మార్చకండి. ముందు ఫోన్ సెట్టింగ్, ఆ తర్వాతే యాప్ సెట్టింగ్. యూట్యూబ్‌లో యాప్‌తో మొదలుపెట్టమని చెప్పే వీడియోలు చూసి మొదలుపెట్టినవాళ్లు చివరికి రెండుసార్లు పని చేయాల్సి వస్తోంది.

ఇక్కడ చెప్పేదంతా ఆండ్రాయిడ్ ఫోన్లకు. కంపెనీని బట్టి మెనూ పేర్లు కొంచెం మారతాయి. Settings పైన ఉండే వెతికే గడిలో పేరు కొడితే దొరుకుతుంది.

అక్షరాల సైజు

Settings, Accessibility, Display size and text. ఇక్కడ రెండు గీతలుంటాయి. Font size అక్షరాలను మాత్రమే పెంచుతుంది. Display size బొమ్మలు, బటన్లు, ఖాళీలు అన్నింటినీ పెంచుతుంది. Display size ఒక్క మెట్టు పెంచండి, అంతకు మించొద్దు. మిగతాదంతా Font size తోనే. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను 200 శాతం వరకు పెంచుకోవచ్చు. అందులో చిన్న అక్షరాలు బాగా పెరుగుతాయి, ముందే పెద్దగా ఉన్న శీర్షికలు తక్కువ పెరుగుతాయి. అందువల్ల తెర మరీ చిందరవందర కాదు.

ఎంత పెంచాలనేదానికి నా లెక్క ఇది. వాట్సాప్ చాట్‌లో ఒక వరుసకు కనీసం నాలుగు తెలుగు మాటలు పట్టాలి. అంతకన్నా తగ్గితే వాక్యం ముక్కలైపోయి, చదివేవాళ్లకు మొదలు గుర్తుండదు. తెలుగుతో ఇంకో చిక్కు ఉంది. మన వత్తులు గీత కిందికి దిగుతాయి కాబట్టి, కొన్ని బటన్లలో అక్షరం పెరిగేకొద్దీ వత్తు సగానికి తెగుతుంది. అలా తెగినచోట ఒక మెట్టు వెనక్కి రండి. ఇవన్నీ అయ్యాక కూడా మెసేజ్ చిన్నగా ఉందనిపిస్తేనే వాట్సాప్ సొంత Font size ముట్టుకోండి.

డార్క్ మోడ్, కదలికలు

ఫోన్‌లో Dark theme ఆన్ చేసి, వాట్సాప్‌లో Chats, Theme కి వెళ్లి System default ఎంచుకోండి. తెల్లటి వెలుగు కళ్లలో గుచ్చుతుందనేవాళ్లకు ఇది హాయిగా ఉంటుంది. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు చుట్టూ చెదిరినట్టు కనపడతాయనేవాళ్లూ ఉంటారు, ముఖ్యంగా ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లు. వాళ్లకు బలవంతంగా పెట్టకండి. డార్క్ మోడ్ అనుకుని Color inversion నొక్కేవాళ్లు చాలామంది. అది ఫోటోలను కూడా తిరగేస్తుంది, మనవడి ముఖం నెగటివ్‌లా కనపడుతుంది. ఫోటోల్లో రంగులు తలకిందులై ఉంటే ఆ తప్పు జరిగిందనే అర్థం.

తెర కదిలితే తల తిరుగుతుందనేవాళ్లకు Accessibility లో Remove animations ఆన్ చేయండి. పేజీలు జారుతూ రావడం ఆగి, ఒక్కసారిగా మారతాయి. అయితే ఇది ఫీడ్‌లో వాటంతటవే ఆడే వీడియోలను ఆపదు. దానికి ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో Media కింద ఆటోప్లే ఆపేయాలి. ఎక్స్‌లో కూడా Accessibility కింద Reduce motion విడిగా ఉంటుంది.

అసలు పని: తెర చదివి వినిపించడం

ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. కాబట్టి నెమ్మదిగా చదవండి.

తెర మీద ఉన్నదంతా చదివి వినిపించే టాక్‌బ్యాక్ అందరికీ కాదు. అక్షరాలు పెద్దవి చేశాక కాస్తయినా చదవగలిగేవాళ్లకు దాన్ని పెట్టకండి. వాళ్లకు Select to Speak చాలు. అది ఆన్ చేస్తే తెర మీద చిన్న గుర్తు వస్తుంది. ఆ గుర్తు నొక్కి, ఏ మెసేజ్ మీద వేలు పెడితే అది చదువుతుంది. మిగతా ఫోన్ ఎప్పటిలాగే పనిచేస్తుంది. పొడవాటి మెసేజ్‌లు చదవలేక ఇబ్బంది పడేవాళ్లలో చాలామందికి కావలసింది ఇదే. టాక్‌బ్యాక్ మాత్రం ఫోన్‌ను తాకే పద్ధతినే మార్చేస్తుంది. ఒకసారి తాకితే అక్కడ ఏముందో చెబుతుంది, అంతే. తెరవాలంటే రెండుసార్లు తట్టాలి. జరపాలంటే రెండు వేళ్లు కావాలి. ఇది తెలియనివాళ్ల ఫోన్‌లో ఆన్ చేసి వెళ్లిపోతే, ఫోన్ పాడైపోయిందని మూలన పెట్టేస్తారు.

కాబట్టి ఆన్ చేసేముందు ఆఫ్ చేసే దారి వేసుకోండి. Accessibility, TalkBack, TalkBack shortcut కి వెళ్లి వాల్యూమ్ కీలు ఎంచుకోండి. ఆ తర్వాత రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే టాక్‌బ్యాక్ ఆన్ అవుతుంది, మళ్లీ పట్టుకుంటే ఆఫ్ అవుతుంది. మొదటిసారి నొక్కినప్పుడు ఫోన్ అనుమతి అడుగుతుంది. ఆ ప్రశ్నకు మీరు ఎదురుగా ఉండగానే జవాబు చెప్పేయండి. ఆన్, ఆఫ్ మీరే చేసి చూసి, ఆ తర్వాత వాళ్ల చేత చేయించండి. బటన్లు వేళ్లకు అందకుండా గట్టి కవర్ ఉంటే ముందు అది తీసేయండి.

తర్వాత గొంతు. Settings లో Text-to-speech అని వెతికి, గూగుల్ ఇంజిన్ ఎంచుకుని, భాష తెలుగు పెట్టి, తెలుగు గొంతు డౌన్‌లోడ్ చేయండి. ఇంగ్లిష్ గొంతుతో వదిలేస్తే తెలుగు మెసేజ్ దగ్గరకు వచ్చేసరికి కొన్ని ఫోన్లు మౌనంగా దాటిపోతాయి. వినేవాళ్లు అక్కడ ఏమీ లేదనుకుంటారు. సరిచూడటానికి, మీ ఫోన్ నుంచి తెలుగులో ఒక మెసేజ్, అంకెలతో ఒక మెసేజ్, ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్ పంపి మూడూ చదువుతోందా వినండి. ఆ వెంటనే వాట్సాప్ సెట్టింగ్స్‌లో App language కూడా తెలుగు చేయండి. లేకపోతే మెసేజ్ తెలుగులో, బటన్ పేరు ఇంగ్లిష్‌లో వినపడి కొత్తవాళ్లు తికమక పడతారు. వేగం మొదట్లో తగ్గించి పెట్టండి. అలవాటైనవాళ్లు వాళ్లే పెంచుకుంటారు.

ఇక నేర్పడం. నేను ఎప్పుడూ ఒక్క పనితోనే మొదలుపెడతాను, అది వాయిస్ మెసేజ్ పంపడం. కీబోర్డ్ జోలికి మొదటి వారం వెళ్లనే కూడదు. మా పెద్దమ్మకు గ్లకోమా వల్ల చూపు బాగా తగ్గింది. ఆమెకు నేర్పిన పద్ధతి ఇది.

వాట్సాప్ తెరిచాక ఒక వేలితో ఎడమ నుంచి కుడికి గీస్తే ఒక్కో పేరు వినపడుతుంది. పేరు, చివరి మెసేజ్, టైము అన్నీ కలిపి ఒకే ముక్కగా చదువుతుంది. కావలసిన పేరు వినపడగానే తెర మీద ఎక్కడైనా సరే రెండుసార్లు తట్టాలి. పేరు మీదే తట్టాలని చాలామంది దాన్ని వెతుకుతుంటారు, అక్కర్లేదు. చాట్ తెరుచుకున్నాక వేలును కుడివైపు కింది మూలలో పెట్టి, ఎత్తకుండా కాస్త అటూ ఇటూ జరిపితే మైకు పేరు చదువుతుంది. అప్పుడు రెండుసార్లు తట్టి, రెండో తట్టులో వేలు ఎత్తకుండా నొక్కి పట్టుకోవాలి. మాట్లాడినంతసేపూ వేలు అక్కడే ఉండాలి. ఎత్తగానే మెసేజ్ వెళ్లిపోతుంది.

ఇక్కడ చెడేవి రెండున్నాయి. రెండో తట్టులో వేలు తొందరగా ఎత్తేస్తే రికార్డింగ్ మొదలే కాదు. పెద్దమ్మ నిమిషం మాట్లాడినా ఏమీ వెళ్లేది కాదు. అందుకే నొక్కి పట్టుకున్నాక వెంటనే మాట్లాడొద్దని, లోపల ఒకటి, రెండు అనుకుని అప్పుడు మొదలుపెట్టమని చెప్పాను. రెండోది, టాక్‌బ్యాక్ ఇంకా మాట్లాడుతుండగానే రికార్డింగ్ మొదలైతే దాని గొంతు కూడా మెసేజ్‌లో పడుతుంది. అవతలివాళ్లకు ముందు ఎవరో మరమనిషి మాట వినపడిందంటే కారణం అదే. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఈ బాధ పోతుంది. బయట పాస్‌వర్డ్‌లు, మెసేజ్‌లు నలుగురికీ వినపడకుండా ఉండటానికి కూడా ఇయర్‌ఫోన్ తప్పనిసరి అనే నేనంటాను.

ఫోన్ లాక్ తీయడం కూడా అదే రోజు నేర్పాలి. తెరను కింద నుంచి పైకి రెండు వేళ్లతో గీయాలి. ఒక వేలితో గీసి గీసి విసిగిపోయి ఫోన్ కింద పెట్టేసినవాళ్లు ఎంతమందో!

పంపేవాళ్లు సరిగా పంపకపోతే

ఫోన్ ఎంత బాగా సెట్ చేసినా బంధువులు పంపే పద్ధతి వల్ల సగం పని వృథా అవుతుంది. తెర చదివే గొంతు రాతను చదవగలదు. బొమ్మలో ఉన్న రాత మామూలుగా దానికి బొమ్మే. పెళ్లి శుభలేఖ ఫోటో, పూల మీద రాసిన శుభోదయం, సంఘం సమావేశం పోస్టరు ఏది వచ్చినా పెద్దమ్మకు వినపడేది ఫోటో అన్న ఒక్క మాటే. వాట్సాప్‌లో ఫోటోకు వివరణ రాసే గడి విడిగా లేదు కాబట్టి, క్యాప్షన్‌లోనే ముఖ్యమైనది రాయాలి. శుభలేఖ అయితే ఎవరి పెళ్లి, ఏ రోజు, ఎన్నింటికి, ఏ మండపం. నాలుగు ముక్కలు చాలు.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో ఆ గడి ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో పెట్టేటప్పుడు అదనపు సెట్టింగ్స్‌లో, ఫేస్‌బుక్‌లో ఫోటో మెనూలో alt text అని కనపడుతుంది. అందులో చూసేవాళ్లకు ఏం కనపడుతుందో ఒకటి రెండు వాక్యాల్లో రాయాలి. మీరు రాయకపోతే యాప్ తనంతట తానే ఊహించి, ఒక వ్యక్తి, ఆరుబయట, చెట్టు అన్నట్టు ఏదో చెబుతుంది. అది మీ అమ్మాయి పట్టా పుచ్చుకున్న రోజని దానికి తెలియదు.

తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి పంపడం ఇంకా పెద్ద ఇబ్బంది. గొంతు వాటిని ఇంగ్లిష్ మాటలనుకుని చదువుతుంది. ela unnav అన్నది వినేవాళ్లకు అర్థంకాని శబ్దంగా మారుతుంది. తెలుగు కీబోర్డ్ రాకపోతే మైకులో చెప్పి తెలుగులో రాయించుకోండి, లేదా వాయిస్ మెసేజ్ పంపండి. పేర్లను అలంకారపు అక్షరాల్లో పెట్టుకోవడం కూడా మానేయండి. ఇంటర్నెట్‌లో దొరికే ఆ వంకర టింకర అక్షరాలు నిజానికి గణిత చిహ్నాలు. టాక్‌బ్యాక్ వాటిని ఒక్కొక్కటిగా చిహ్నం పేరుతో చదవొచ్చు, లేదా దాటేయొచ్చు. ఎమోజీలు వరసగా పెట్టినా ఒక్కోదాని పేరు చదువుకుంటూ పోతుంది. మెసేజ్ మొదట్లో పది దండాలు పెడితే అసలు విషయం దాకా వినే ఓపిక ఎవరికుంటుంది? ఎమోజీ పెట్టాలనిపిస్తే ఒక్కటే, అదీ చివర్లో పెట్టండి.