టర్కీ పిల్లలు దిగే ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

నేను మొదటిసారి 20 టర్కీ పిల్లల్ని తెచ్చినప్పుడు మూడు రోజులు అన్నీ హుషారుగానే ఉన్నాయి. నాలుగో రోజు పొద్దున రెండు, ఐదో రోజు మూడు, ఆరో రోజు ఒకటి పోయాయి. పళ్లెంలో దాణా అలాగే ఉంది, నీళ్లూ ఉన్నాయి. పశువుల డాక్టరు ఒక పిల్లను కోసి, మెడ కింద ఉండే మేత సంచిని తెరిచి చూపించారు. లోపల దాణా గింజ ఒక్కటీ లేదు, నేను కింద పరిచిన వరి ఊక మాత్రం నాలుగు పొట్లు ఉన్నాయి.

గుడ్డులోంచి వచ్చే పిల్ల కడుపులో కొంత పచ్చసొన దాచుకుని వస్తుంది. దాంతోనే రెండు మూడు రోజులు బతుకుతుంది. కోడిపిల్ల ఈలోపు పొడుచుకుని తినడం తనే నేర్చేసుకుంటుంది. టర్కీ పిల్లకు చూపు అంత చురుకు కాదు, బెదురు కూడా ఎక్కువ, అందుకే ఎదురుగా ఉన్న దాణాను గుర్తుపట్టదు. సొన అయిపోయిన నాలుగో రోజుకి నీరసించి కూలబడుతుంది. అప్పుడు చేయగలిగింది చాలా తక్కువ కాబట్టి జాగ్రత్తంతా మొదటి రోజే పడాలి.

పిల్లలు రాగానే ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని ముక్కును నీళ్లలో, తర్వాత దాణాలో ముంచి వదలండి. మొదటి మూడు నాలుగు రోజులు ఊక మీద గోనె పట్టా పరిస్తే పొట్టు తినవు. న్యూస్ పేపర్ పరవకండి, నున్నగా ఉండి కాళ్లు జారి చెరో పక్కకి వెళ్లిపోతాయి. నీళ్ల పళ్లెంలో రంగు గోళీలు నాలుగు వేస్తే ఆ మెరుపుకి వచ్చి పొడుస్తాయి, అలా నీళ్లు తాగడం అలవాటవుతుంది. మొదటి పదిహేను రోజులు, పది పిల్లలకు రోజుకొక ఉడికించిన గుడ్డును సన్నగా చిదిపి దాణా మీద చల్లండి. లీటరు నీళ్లకు 100 మి.లీ. పాలు కలిపి పెట్టడం కూడా మంచిదే. మన ఎండల్లో ఆ నీళ్లు తొందరగా పులుస్తాయి కాబట్టి పూటపూటకీ మార్చండి. సాయంత్రం ఒక్కోదాన్ని పట్టుకుని మేత సంచిని వేళ్లతో తడమండి. మెత్తగా, కొంచెం ఉబ్బుగా ఉంటే తిన్నట్టు. ఖాళీగా తగిలినవాటికి ఆ రాత్రే గుడ్డు చేత్తో తినిపించండి. రెండో బ్యాచ్‌లో ఇలా పట్టుకున్న మూడింటిలో మూడూ బతికాయి.

ఇక దాణా. గుడ్ల కోళ్ల పిల్లలకు 20 శాతం మాంసకృత్తులు సరిపోతాయి, బ్రాయిలర్‌కు 22–23 శాతం. టర్కీ పిల్లకు మొదటి నాలుగు వారాలు 28 శాతం కావాలి, ఆ తర్వాత ఎనిమిది వారాల వరకు 26. తక్కువైతే వెంటనే చావవు, కానీ ఈకలు ఆలస్యంగా వస్తాయి, ఎదుగుదల ఆగిపోతుంది. టర్కీ స్టార్టర్ దొరికితే అదే కొనండి. దొరక్కపోతే 22 శాతం ఉన్న బ్రాయిలర్ ప్రీ స్టార్టర్ మూడు కిలోలకు, 46 శాతం ఉన్న సోయా చెక్క పొడి ఒక కిలో కలపాలి. 66, 46 కలిపి 112, నాలుగు కిలోలకు పంచితే 28 వచ్చింది. అయితే ఇలా కలిపినప్పుడు ప్రీ స్టార్టర్‌లోని కాల్షియం, విటమిన్లు పలచబడతాయి. ముఖ్యంగా నియాసిన్ కోడిపిల్ల కన్నా టర్కీ పిల్లకే ఎక్కువ అవసరం, తగ్గితే కాళ్లు వంకర పోతాయి. ఖనిజ మిశ్రమం, విటమిన్లు ఎంత కలపాలో డాక్టరును అడిగి కలపండి. పచ్చి సోయా గింజలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి.

ప్రీ స్టార్టర్ కొనేముందు సంచి మీద చీటీ చదవండి. కోళ్లకు రక్త విరేచనాలు రాకుండా కలిపే సాలినోమైసిన్, నరాసిన్ మందులు టర్కీలకు విషం. కాళ్లు వెనక్కి చాచి లేవలేక పడిపోయి చనిపోతాయి. చీటీలో ఆ పేర్లుంటే, లేదా అమ్మేవాళ్లు ఏ మందు కలిపారో చెప్పలేకపోతే, ఆ సంచి వద్దు.

వేడి విషయం కోడిపిల్లలకు చేసినట్టే: మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. కాకపోతే టర్కీ పిల్లలు చలేస్తే మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి, అందుకే చుట్టూ అట్టతో గుండ్రంగా గార్డు కట్టి మూలలు లేకుండా చేయండి. కరెంటు పోతుందని కుంపటి పెడితే గాలి ఆడేలా చూడండి.

తినడం నేర్పుతాయని నాటు కోడిపిల్లల్ని వీటితో కలపడం చాలామంది చేసే పనే, నేనైతే వద్దంటాను. కోళ్లు పైకి ఏమీ కనిపించకుండా బ్లాక్‌హెడ్ రోగాన్ని మోస్తాయి, పొట్టలోని పురుగు గుడ్లతో అది మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. టర్కీకి సోకితే పసుపు పచ్చటి విరేచనాలై కాలేయం పాడవుతుంది. టర్కీ షెడ్డుకు విడిగా ఒక జత చెప్పులు పెట్టుకుని, కోళ్ల దొడ్లో తిరిగిన చెప్పులతో లోపలికి వెళ్లకండి.