కొత్త బట్ట రంగు దిగుతుందేమో ముందే చూసుకోండి

ముదురు ఎరుపు, నీలం, నలుపు నూలు బట్టలు కొన్నప్పుడు నీళ్లలో వేసేముందే ఒక తెల్ల గుడ్డ తడిపి, లోపలి కుట్టు అంచు మీద కాసేపు గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు అంటితే ఆ బట్టను విడిగానే ఉతకాలి.

అలా అంటేది చాలావరకు అద్దకంలో దారానికి పట్టకుండా పైపైన మిగిలిపోయిన రంగే. అది ఎలాగూ పోవాల్సిందే. ఉప్పు, వెనిగర్ వేస్తే ఆగుతుందని చాలామంది నమ్ముతారు గానీ, అద్దకం అయిపోయిన నూలు మీద రంగును అవి బిగించలేవు. బట్టను తిరగేసి, చల్లటి నీళ్లలో కొద్దిపాటి సబ్బుతో త్వరగా ఉతికేయడమే మేలు. నానబెట్టొద్దు, తడిగా కుప్పపోసి ఉంచొద్దు. దిగిన రంగు అదే బట్టలోని లేత అంచులకు పట్టేస్తుంది. నీళ్లు తేటపడేదాకా జాడించి, వెంటనే నీడలో ఆరేయండి. మూడు నాలుగు ఉతుకుల తర్వాత కూడా నీళ్లు ముదురుగానే వస్తుంటే అద్దకంలోనే లోపం ఉన్నట్టు. దాన్ని ఇక మిగతా బట్టలతో కలపకండి.

రంగు దిగకపోయినా, ముడతలు పడవని అమ్మే నూలు చొక్కాలను తొడిగేముందు తప్పక ఉతకండి. ముడతలు పడకుండా వాటికి పట్టించే రెసిన్ల నుంచి కొద్దిగా ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం వెలువడవచ్చు, అది పడనివాళ్లకు దురద, దద్దుర్లు వస్తాయి. ఉతికితే తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.