ఇష్యూ ట్రీ పాఠాలు – 3: జయనగర్ బ్రాంచిలో డిపాజిట్లు ఎటు పోయాయి?

పోయిన పాఠంలో ప్రశ్నను ఒక్క వాక్యంలో ఎలా బిగించి రాసుకోవాలో చూశాం. ఇష్యూ ట్రీ అంటే ఒక పెద్ద ప్రశ్నను కొమ్మలు కొమ్మలుగా, చిన్న ప్రశ్నలుగా విడగొట్టే చెట్టు. ఈసారి ఒకే కేసు తీసుకుని ఆ చెట్టు మొదటి కొమ్మ నుంచి చివరి దాకా వెళ్దాం. బెంగళూరు మారతహళ్ళిలో ఆదివారాలు కూర్చుని కన్సల్టింగ్ ఇంటర్వ్యూలకు తయారయ్యే మన తెలుగువాళ్ళలో చాలామంది తడబడేది ఈ కేసు దగ్గరే, కాబట్టి కాస్త నిదానంగా వెళ్తాను. బ్రాంచి, అంకెలు సాధన కోసం నేను పేర్చినవి. బ్యాంకు పనిచేసే తీరు మాత్రం నిజంగా ఉన్నదే.

కేసు ఇది. ఒక ప్రైవేటు బ్యాంకుకు బెంగళూరు జయనగర్‌లో పాత బ్రాంచి ఉంది. ఖాతాదారుల్లో రిటైరైనవాళ్ళు ఎక్కువ. 2025 మార్చి 31న డిపాజిట్లు 214 కోట్లు, 2026 మార్చి 31న 188 కోట్లు. అంటే 26 కోట్లు తగ్గాయి. ఎందుకు తగ్గాయి, ఏం చేయాలి అని రీజనల్ హెడ్ అడుగుతున్నారు.

చెట్టు గీసే ముందు ఆ 26ని నమ్మొచ్చా అని చూడండి. మార్చి 31 అనేది బ్యాంకుల్లో మామూలు రోజు కాదు. టార్గెట్ కోసం ఎవరో ఒక కంపెనీని బతిమాలి, వాళ్ళ కరెంట్ ఖాతాలో నాలుగు రోజులు డబ్బు ఉంచమనడం మామూలే. ఏప్రిల్ మొదటి వారంలో అది వెళ్ళిపోతుంది. అందుకే ఆ ఒక్క రోజు బ్యాలెన్స్ కాకుండా మార్చి నెల సగటు అడగాలి. మన బ్రాంచిలో ఆ సగటు 206 కోట్ల నుంచి 187కి వచ్చింది. అంటే అసలు తగ్గింది 19 కోట్లు. మిగతా 7 కోట్లు తేదీ చూపించిన తేడా, వాటికి కారణం వెతకడం మొదలుపెడితే వారం వృథా.

ఇప్పుడు మొదటి కొమ్మ. పదిమందిలో ఎనిమిది మంది ఇక్కడ "లోపలి కారణాలు, బయటి కారణాలు" అని రెండు గీతలు గీస్తారు. దయచేసి అలా గీయకండి. పక్క బ్యాంకు ఎక్కువ వడ్డీ ఇస్తోంది అనుకోండి, అది బయటి కారణమా, లేక మన రేటు తక్కువ కాబట్టి లోపలి కారణమా? రెండింట్లోనూ పడుతుంది. మెకిన్సీలో పనిచేసిన బార్బరా మింటో "MECE" అని పేరుపెట్టిన నియమం చెప్పేది ఇదే: కొమ్మలు ఒకదాని మీద ఒకటి పడకూడదు, అన్నీ కలిపితే మొత్తం రావాలి, ఏదీ మిగిలిపోకూడదు. కారణాల జాబితాతో మొదలుపెడితే ఈ నియమం నిలబడటం కష్టం. లెక్కతో మొదలుపెడితే దానంతట అదే నిలబడుతుంది.

కాబట్టి మొదట రకాలవారీగా కొయ్యండి. కరెంట్ ఖాతాలు 22 నుంచి 21, సేవింగ్స్ 72 నుంచి 69, ఎఫ్‌డీలు 112 నుంచి 97. తగ్గిన 19 కోట్లలో 15 ఎఫ్‌డీలవే. మిగతా రెండు కొమ్మల్ని ఇప్పటికి పక్కన పెట్టేయొచ్చు. సేవింగ్స్‌ని చివర్లో మీకే వదిలిపెడతాను.

ఎఫ్‌డీ కొమ్మను మళ్ళీ లెక్కతోనే కొయ్యాలి:

మొదటి నిల్వ + కొత్త ఎఫ్‌డీలు + ఖాతాలో చేరిన వడ్డీ − మెచ్యూర్ అయ్యి రెన్యూ కానివి − ముందే తీసేసినవి = చివరి నిల్వ

ఈ ఏడాది అంకెలు వేస్తే 112 + 17 + 5 − 31 − 6 = 97. ఇదొక్కటే చూస్తే 31 పెద్దదిగా కనిపిస్తుంది, కానీ పెద్దది కావడం వేరు, మారడం వేరు. అందుకే అంతకుముందు ఏడాదిని పక్కన పెట్టండి: కొత్తవి 19, వడ్డీ 5, రెన్యూ కానివి 18, ముందే తీసినవి 5. ఆ ఏడాది ఒక కోటి పెరిగింది, ఈ ఏడాది 15 తగ్గింది. ఈ 16 కోట్ల తేడాలో కొత్త ఎఫ్‌డీలు తగ్గడం వల్ల వచ్చింది 2, ముందే తీసేయడం వల్ల 1, రెన్యూ కాకపోవడం వల్ల 13. చెట్టు ఇక్కడ బాగా సన్నబడింది చూడండి.

ఈ అంకెలు తీసేటప్పుడు ఒక చిక్కు వస్తుంది, తెలియకపోతే చెట్టు మొత్తం తప్పుతుంది. మెచ్యూరిటీ రోజు పెద్దాయన బ్రాంచికి వచ్చి "ఈసారి రెండేళ్ళకు వేయమ్మా" అంటే, చాలాచోట్ల పాత ఎఫ్‌డీ మూసి కొత్త నంబరుతో ఇంకోటి తెరుస్తారు. రిపోర్టులో అది ఒక మూసివేత, ఒక కొత్త ఎఫ్‌డీ. నిజానికి డబ్బు కదల్లేదు. అందుకే ఖాతా నంబరు కాకుండా కస్టమర్ ఐడీ పట్టుకుని, మూసిన వారం రోజుల్లో అదే మనిషి పేరు మీద అదే బ్రాంచిలో కొత్త ఎఫ్‌డీ వచ్చిందా అని జత చేయాలి. పైన ఇచ్చినవి అలా జత చేశాక మిగిలిన అంకెలు. కొత్త ఎఫ్‌డీలూ మూసివేతలూ రెండూ ఒకేసారి బాగా పెరిగినట్టు కనిపిస్తే ఈ జత జరగలేదని అనుమానించండి.

ఇంకో మెట్టు. రెన్యూ కానివి పెరగడానికి రెండే దారులు: ఈ ఏడాది మెచ్యూర్ అయినవే ఎక్కువ కావచ్చు, లేదా రెన్యూ చేసుకునే శాతం పడిపోయి ఉండొచ్చు. నిరుడు 66 కోట్లు మెచ్యూర్ అయితే ఈ ఏడాది 68. దాదాపు అంతే. రెన్యూవల్ మాత్రం 73 శాతం నుంచి 54కి పడింది. లెక్కతో కొయ్యడం ఇక్కడితో ఆగుతుంది, ఇక "ఎందుకు" మొదలవుతుంది. హైపోథిసిస్‌ని, అంటే అంకెలతో పరీక్షించి చూడాల్సిన ఊహని, నేను ఇంతదాకా ఎందుకు బయటికి తీయలేదో ఇప్పుడు తెలుస్తుంది. 26 కోట్ల దగ్గరే ఊహలు మొదలుపెడితే పాతిక వస్తాయి, 73 ఎందుకు 54 అయింది అని అడిగితే నాలుగైదు మాత్రమే వస్తాయి.

బ్రాంచి మేనేజరుగారిని అడిగితే వెంటనే చెప్తారు: "రేటండీ. ఎదురుగా స్మాల్ ఫైనాన్స్ బ్యాంకు తెరిచారు, వాళ్ళు మనకంటే ఎక్కువ ఇస్తున్నారు." నమ్మదగిన మాటే. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ మధ్యలో ఆర్‌బీఐ తాను బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటును 6.50 నుంచి 5.50 శాతానికి దించింది, ఆ వెనకే ఎఫ్‌డీ రేట్లూ దిగాయి. కానీ "రేటు వల్ల" అన్నది ఇంకా హైపోథిసిస్ కాదు. ఏ అంకె కనిపిస్తే ఇది తప్పని ఒప్పుకుంటామో రాసినప్పుడే అవుతుంది.

రాద్దాం. రేటే కారణమైతే డబ్బు వేరే బ్యాంకులకు వెళ్ళి ఉండాలి. అదీ చాలావరకు ఐదు లక్షలకు కాస్త తక్కువ ముక్కలుగా వెళ్ళి ఉండాలి, ఎందుకంటే ఒక బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కు అసలు, వడ్డీ కలిపి ఐదు లక్షల దాకానే డీఐసీజీసీ బీమా ఉంటుంది, కొత్త బ్యాంకులో వేసే రిటైరైన మనిషి ఇది బాగా పట్టించుకుంటాడు. ఇంకొకటి, మన రేటు హెడ్ ఆఫీసు పెట్టేది, ఊళ్ళో అన్ని బ్రాంచిల్లో ఒకటే. కాబట్టి మన బ్యాంకు బసవనగుడి, మల్లేశ్వరం బ్రాంచిల్లో కూడా రెన్యూవల్ కొంతైనా పడి ఉండాలి.

చూస్తే బసవనగుడిలో 70 నుంచి 68, మల్లేశ్వరంలో 72 నుంచి 69. రేటు ప్రభావం ఉంది, కానీ రెండు మూడు పాయింట్లే. మనకు పడింది 19 పాయింట్లు. అన్నిచోట్లా ఒకేలా ఉన్న కారణం ఒక్కచోట మాత్రమే వచ్చిన తేడాను వివరించలేదు. ఎదురుగా వచ్చిన బ్యాంకు మన దగ్గర మాత్రమే ఉంది కదా అని మీరు అడగొచ్చు, మంచి ప్రశ్న. దానికి డబ్బు వెళ్ళిన దారే జవాబు చెప్పాలి.

మెచ్యూర్ అయిన డబ్బు సేవింగ్స్ ఖాతాలో పడ్డాక, తర్వాతి నెల రోజుల్లో ఎటు వెళ్ళిందో నెఫ్ట్, ఆర్‌టీజీఎస్, చెక్కుల వివరాల నుంచి పట్టుకోవచ్చు. నిరుడి 18 కోట్లనూ ఈ ఏడాది 31నీ ఇలా విడగొడితే, వేరే బ్యాంకులకు వెళ్ళింది 6 నుంచి 8కి పెరిగింది. మ్యూచువల్ ఫండ్లు, షేర్లు 4 నుంచి 5. ఇల్లు, స్థలం లాంటివి 3 నుంచి 4. ఖాతాదారు చనిపోతే నామినీలకు వెళ్ళింది 2 నుంచి 3. సేవింగ్స్‌లోనే ఉండిపోయింది రెండేళ్ళూ 2. మన బ్యాంకులోనే వేరే బ్రాంచికి వెళ్ళింది మాత్రం ఒకటి నుంచి తొమ్మిదికి పెరిగింది.

పెరిగిన 13 కోట్లలో 8 బ్యాంకు దాటి పోనేలేదు. వేరే బ్యాంకులకు అదనంగా వెళ్ళింది 2 కోట్లే, అది పక్క బ్రాంచిల్లో చూసిన రెండు మూడు పాయింట్లకు సరిగ్గా సరిపోతుంది. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన అంకెలు ఇలా కలిసినప్పుడే ఒక హైపోథిసిస్‌ను ధైర్యంగా మూసేయొచ్చు.

ఇప్పుడు కొత్త హైపోథిసిస్. ఆ 8 కోట్లూ దాదాపుగా జేపీ నగర్‌లో మన బ్యాంకే తెరిచిన కొత్త బ్రాంచికి వెళ్ళాయి. సీనియర్ సిటిజన్ల పని చూసే ఆఫీసరుగారు జూలైలో అక్కడికే బదిలీ అయ్యారు. ఆవిడతో పాటు ఖాతాదారులు వెళ్ళారా? బ్యాంకులో పనిచేసినవాళ్ళకు ఇది కొత్తేం కాదు. కొత్త చోట టార్గెట్ ఉంటుంది, పాత ఖాతాదారుల ఫోన్ నంబర్లు ఉంటాయి. కానీ దీన్నీ మేనేజరుగారి మాటను నిలదీసినంత గట్టిగానే నిలదీయాలి.

ఆవిడ కోడ్ కింద ఉన్న ఖాతాల్లో 28 కోట్లు మెచ్యూర్ అయితే 18 రెన్యూ కాలేదు, అంటే రెన్యూవల్ 36 శాతం. మిగతావాళ్ళవి 40 కోట్లలో 13 రెన్యూ కాలేదు, 68 శాతం. ఆవిడ ఖాతాల్లో కూడా జూన్ దాకా మామూలుగానే ఉండి జూలై తర్వాతే పడింది. బాగానే సరిపోయింది అని ఇక్కడ ఆగిపోయేవాళ్ళు చాలామంది. ఆగకండి, ఎందుకంటే ఇదే చిత్రాన్ని ఇంకో కథ కూడా ఇవ్వగలదు: వాళ్ళ ఇళ్ళు జేపీ నగర్ వైపే ఉన్నాయేమో, కొత్త బ్రాంచి దగ్గరని వెళ్ళారేమో. రెండు కథల్నీ విడదీసే ప్రశ్న ఒకటి కావాలి. జేపీ నగర్ పిన్‌కోడ్‌లో ఉంటూ వేరే ఆఫీసర్ల కింద ఉన్న ఖాతాదారులు కదిలారా? కదిలి ఉంటే దూరం కారణం. కదలకుండా ఉంటే ఆఫీసరు కారణం. మన కేసులో వాళ్ళు కదల్లేదు.

దీంతో రీజనల్ హెడ్‌కి చెప్పాల్సిన జవాబు పూర్తిగా మారిపోతుంది. బ్రాంచి కోల్పోయింది 19 అయినా, అందులో 9 మన బ్యాంకులోనే వేరే బ్రాంచిల్లో ఉన్నాయి, బ్యాంకు కోల్పోయింది 10. మేనేజరుగారి మాట విని పావు శాతం రేటు పెంచి ఉంటే, ఈ ఒక్క బ్రాంచి 97 కోట్ల మీదే చివరికి ఏడాదికి 24 లక్షలు అదనంగా పడేవి, అదీ 2 కోట్లు ఆపడానికి. చేయాల్సింది వేరే చోట ఉంది: ఒకే బ్యాంకులో బ్రాంచి నుంచి బ్రాంచికి మారిన డిపాజిట్‌ను కొత్త డిపాజిట్‌గా టార్గెట్‌లో లెక్కించకూడదు, ఆఫీసరు బదిలీ అయినప్పుడు ఆ ఖాతాదారులకు కొత్త మనిషిని స్వయంగా పరిచయం చేయాలి.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. డబ్బు వెళ్ళిన దారి ఎటు వెళ్ళిందో చెప్తుంది, ఎందుకు వెళ్ళిందో చెప్పదు. అందుకే చివర్లో ఒక పదిమంది ఖాతాదారులకైనా ఫోన్ చేయాలి. ముందే చేస్తే మాత్రం అందరూ "రేటు" అనే అంటారు, అడిగిన వెంటనే నోటికొచ్చే మాట అదే కాబట్టి.

మీకు హోంవర్క్: సేవింగ్స్ 72 నుంచి 69కి ఎందుకు వచ్చింది? మొదటి కొమ్మ ఖాతాల సంఖ్య, ఒక్కో ఖాతాలో సగటు నిల్వ అని కొయ్యండి. నా అనుమానం ఒక కంపెనీ జీతం ఖాతాలు వేరే బ్యాంకుకు మారాయని. ఏ అంకె కనిపిస్తే నా అనుమానం తప్పో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోండి, వచ్చే పాఠం అక్కడి నుంచి మొదలుపెడదాం.